యాడ్స్ ఆపితే ఎంత అమ్మకం నిజంగా పోతుంది? ఊళ్ళవారీగా ఆపి చూసిన లెక్క (విశాఖపట్నం)

మన్యం_కాఫీ · సెప్టెంబరు 28

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, సీతమ్మధార. అరకు ప్రాంతపు రైతుల దగ్గర గింజలు కొని, వేయించి, పొడి చేసి సొంత వెబ్‌సైట్ ద్వారా రెండు తెలుగు రాష్ట్రాలకూ పంపుతాము. నెలకు దాదాపు 6 లక్షల రూపాయలు యాడ్స్‌కు ఖర్చవుతోంది. రూపాయి పెడితే 4.2 రూపాయల అమ్మకం వచ్చిందని డ్యాష్‌బోర్డు చూపిస్తోంది. కానీ నాకు తెలిసిన పాత కస్టమర్లే, మా పేరు టైపు చేసి వెతికి, పైన కనబడిన యాడ్ నొక్కి కొంటున్నారు. యాడ్ లేకపోతే కింది లింకు నొక్కేవారు. ఆ అమ్మకాన్ని కూడా యాడ్ ఖాతాలోనే వేస్తున్నారు.

అందుకే ఈ నెల 5 ఊళ్ళలో 3 వారాల పాటు యాడ్స్ ఆపి చూశాను. మిగతా ఊళ్ళతో పోలిస్తే అక్కడ అమ్మకం 24 శాతం తగ్గింది. ఏజెన్సీవారు దీన్ని చూసి, యాడ్స్ బలం ఇదేనని, బడ్జెట్ పెంచమని అంటున్నారు. ఈ అంకెను నమ్మవచ్చా?

ప్రకటనల_రాజు · సెప్టెంబరు 28

నేనూ ఈ రంగంలోనే పనిచేస్తున్నాను. డ్యాష్‌బోర్డులో కనిపించే ఆర్డర్లలో చాలావాటి వెనుక నిజమైన క్లిక్ ఉంటుంది, అన్నీ ఊహించి రాసిన అంకెలు కావు. మీరు యాడ్స్ ఆపితే 24 శాతం పడిపోయిందంటే వాటి విలువ తేలిపోయినట్టే. ఇంకోసారి ఆపకండి. ఆపి మళ్ళీ మొదలుపెట్టినప్పుడల్లా క్యాంపెయిన్ కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ నష్టం మీదే.

గణాంక_సుధ · సెప్టెంబరు 29

మన్యం_కాఫీ గారూ, ఒక్క ప్రశ్న. ఆ 5 ఊళ్ళను తీసేసినప్పుడు రోజువారీ బడ్జెట్ తగ్గించారా, అలాగే ఉంచారా?

మన్యం_కాఫీ · సెప్టెంబరు 29

అలాగే ఉంచాను. రోజుకు 20,000. ఊళ్ళ జాబితాలో ఆ అయిదింటిని మినహాయించానంతే.

గణాంక_సుధ · సెప్టెంబరు 29

అయితే ఆ 24 శాతాన్ని పక్కన పెట్టేయండి. బడ్జెట్ మారకపోతే, ఆపిన ఊళ్ళలో మిగిలిన డబ్బును ఆ వ్యవస్థ మిగతా ఊళ్ళలో ఖర్చు పెడుతుంది. అంటే మీరు పోల్చినది యాడ్స్ లేని ఊళ్ళను మామూలు ఊళ్ళతో కాదు, మామూలుకంటే ఎక్కువ యాడ్స్ పడిన ఊళ్ళతో. ఒకవైపు తగ్గింది, రెండోవైపు పెరిగింది. ఆ రెండూ కలిసి 24గా కనబడుతున్నాయి. ఊళ్ళవారీ ఖర్చు నివేదిక తీసి చూడండి.

రెండోది, మీ క్యాంపెయిన్ సెట్టింగుల్లో లొకేషన్ ఆప్షన్ ఏముంది? గూగుల్ యాడ్స్‌లో మనం మార్చకపోతే `Presence or interest` ఉంటుంది. అంటే ఆ ఊళ్ళో ఉన్నవారే కాదు, ఆ ఊరి మీద ఆసక్తి చూపినవారికి కూడా యాడ్ కనబడుతుంది. శ్రీకాకుళంలో కూర్చుని విశాఖ గురించి వెతికిన మనిషికి, శ్రీకాకుళం మీ జాబితాలో లేకపోయినా, విశాఖ ఉంది కాబట్టి యాడ్ చేరవచ్చు. పరీక్ష నడిచినంత కాలం `Presence` మాత్రమే ఉంచి, ఆపిన ఊళ్ళను మినహాయింపుల్లో విడిగా చేర్చాలి.

మన్యం_కాఫీ · సెప్టెంబరు 30

నివేదిక చూశాను. పోల్చిన ఊళ్ళలో వారానికి 40,000 ఖర్చయ్యేది, ఆ మూడు వారాల్లో 55,000కు పెరిగింది. మిగిలిన డబ్బు హైదరాబాద్‌కు పోయింది. లొకేషన్ ఆప్షన్ కూడా మీరు చెప్పినదే ఉంది. చాలా బాధగా ఉంది. మళ్ళీ మొదటినుంచి చేస్తాను. ఈసారి ఎలా మొదలుపెట్టాలి?

గాజువాక_హార్డ్‌వేర్ · సెప్టెంబరు 30

మాది గాజువాకలో ఒకటే దుకాణం. యాడ్స్‌కు నెలకు 25,000 పెడుతున్నాను. నేను మద్దిలపాలెం వైపు ఆపి, గాజువాక వైపు నడిపితే ఇలాగే తేలుతుందా? పిన్‌కోడ్ వారీగా పెట్టుకోవచ్చని విన్నాను.

గణాంక_సుధ · సెప్టెంబరు 30

గాజువాక అన్నగారూ, ఒకే నగరాన్ని పిన్‌కోడ్లతో కోయడం దాదాపు కుదరదు. నేను మధురవాడలో ఉంటాను, మా వీధిలో సగంమంది పొద్దున లేచి గాజువాక వైపో డాబా గార్డెన్స్ వైపో పనికి పోతారు. వారు యాడ్ చూసేది ఒకచోట, కొనేది ఇంకోచోట. పైగా ఫోనులో లొకేషన్ అనుమతి ఇవ్వనివారి చోటును నెట్‌వర్కును బట్టి అంచనా వేస్తారు. ఆ అంచనా ఊరి స్థాయిలోనే తప్పుతుంటుంది, ఇక వీధి స్థాయిలో దాన్ని పట్టుకోలేము. హద్దు మీద ఇలా కలగలిసిపోతే నిజంగా ఉన్న తేడా కూడా తక్కువగా కనబడుతుంది.

ఒక్క దుకాణానికి ఈ పద్ధతి పనికిరాదు. మీకు ఊళ్ళు లేవు, పోల్చడానికి జోడీ లేదు. నెలరోజులు పూర్తిగా ఆపి, పోయిన ఏడాది అదే నెలతో పోల్చుకోవచ్చు. కానీ సిమెంటు ధర మారినా, పక్కన కొత్త దుకాణం తెరిచినా ఆ తేడా కూడా యాడ్స్ ఖాతాలోనే పడిపోతుంది.

మన్యం_కాఫీ గారూ, మీ సంగతి. విశాఖను, హైదరాబాద్‌ను పరీక్షలోకి తీసుకురావద్దు. విశాఖలో మిమ్మల్ని యాడ్ లేకపోయినా ఎరుగుదురు, హైదరాబాద్‌కు జోడీ కాగల ఊరు లేదు. విజయవాడ, గుంటూరు మధ్య రోజూ రాకపోకలుంటాయి కనుక వాటినీ వదిలేయండి. మిగిలిన ఊళ్ళ వారపు అమ్మకాలు 40 వారాలవి తీసి, ఏ రెండు ఊళ్ళు కలిసి పెరిగి కలిసి తగ్గుతున్నాయో చూసి జతలు కట్టండి. పరిమాణం ఒకటే కానక్కరలేదు, నడక ఒకటైతే చాలు.

జతలో ఏ ఊళ్ళో ఆపాలన్నది మీరు ఎంచుకోవద్దు, ఏజెన్సీవారిని ఎంచుకోనివ్వద్దు. నాణెం ఎగరేయండి. మనిషి ఎంచుకుంటే తెలియకుండానే అమ్మకం మందకొడిగా ఉన్న ఊళ్ళో ఆపేస్తాడు.

శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఒకే వైపు పడకుండా వాటినే ఒక జతగా కట్టడం మంచిది. మన తీరానికి అక్టోబరు నుంచి తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. అలాంటిది వస్తే ఆ జతను రెండు వైపులా కలిపి తీసేయాలి. ఆ నియమం ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. ఫలితం చూశాక రాస్తే మనకు నచ్చినట్టు రాసుకుంటాము.

పచ్చళ్ళ_పార్వతి · అక్టోబరు 1

మాకు విజయవాడలో పచ్చళ్ళ వ్యాపారం ఉందండి. ఆర్డరు ఇచ్చేచోట "మా గురించి ఎలా తెలిసింది" అని అడుగుతున్నాము. ఇన్ని ఊళ్ళు ఆపడం కంటే అది సులువు కదా? సగానికి పైగా "ఇన్‌స్టాగ్రామ్" అంటారు.

గణాంక_సుధ · అక్టోబరు 1

పార్వతి గారూ, ఆ ప్రశ్న వల్ల వారు మిమ్మల్ని ఎక్కడ చూశారో తెలుస్తుంది. చూడకపోయి ఉంటే కొనేవారు కాదా అన్నది కొన్న మనిషికి కూడా తెలియదు. అత్తగారు చెప్పగా విని, వారం తరువాత ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి కొన్నావిడ ఇన్‌స్టాగ్రామ్ అనే రాస్తుంది. ఆ ప్రశ్న తీసేయవద్దు, దానితో బడ్జెట్ మాత్రం తేల్చవద్దు.

మన్యం_కాఫీ · నవంబరు 12

జతలు ఇవి. శ్రీకాకుళం–విజయనగరం, రాజమహేంద్రవరం–కాకినాడ, నెల్లూరు–తిరుపతి, కర్నూలు–అనంతపురం, వరంగల్–కరీంనగర్, నిజామాబాద్–ఖమ్మం. మా అమ్మాయి రూపాయి నాణెం ఆరుసార్లు ఎగరేసింది, నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. ఆరుసార్లూ మొదట రాసిన ఊరే ఆపవలసిన వైపు పడలేదు, నేను ఇక్కడ ఆపే ఊరిని ముందు రాశాను, అంతే.

దీపావళి ఆర్డర్ల హడావుడి ముగిసింది. రెండు వైపులకూ వేరువేరు క్యాంపెయిన్లు, వేరువేరు బడ్జెట్లు పెట్టాను. ఆపిన ఊళ్ళకు వారానికి 30,000 అయ్యేది, అది పూర్తిగా తీసేశాను. నడిచే ఊళ్ళకు 40,000 దాటకుండా రోజూ చూస్తున్నాను. సోమవారం నుంచి 4 వారాలు.

ప్రకటనల_రాజు · నవంబరు 13

శ్రద్ధగా చేస్తున్నారు. కానీ ఒక మాట. నాలుగు వారాల్లో పోయే అమ్మకం మాత్రమే మీకు కనబడుతుంది. ఈ నెల యాడ్ చూసి మొదటిసారి కొన్నవారు వచ్చే నెల, ఆ పై నెల మళ్ళీ కొంటారు. కాఫీ పొడి ఒక్కసారి కొని ఊరుకునే సరుకు కాదు. ఆ రాబడి మీ పరీక్షలో ఎక్కడా రాదు.

గణాంక_సుధ · నవంబరు 13

రాజు గారు చెప్పినది నిజం. అందుకే ఫలితంలో కొత్త ఫోను నంబర్లను, పాత నంబర్లను విడదీయాలి.

మన్యం_కాఫీ · డిసెంబరు 16

ఫలితం వచ్చింది. పరీక్షకు ముందు 8 వారాల్లో ఆపిన ఊళ్ళ సగటు వారానికి 3,00,000, నడిచిన ఊళ్ళది 4,00,000. పరీక్ష జరిగిన వారాల్లో నడిచిన ఊళ్ళ సగటు 4,40,000కు పెరిగింది. అరకుకు పర్యాటకులు వచ్చే కాలం, ఇళ్ళకు తిరిగి వెళ్ళి ఆర్డర్లు పెడతారు. లెక్క ఇలా వేశాను.

```
నిష్పత్తి        = 3,00,000 / 4,00,000 = 0.75
రావలసినది      = 0.75 × 4,40,000 = 3,30,000
వచ్చినది       = 2,91,000
తగ్గినది (వారానికి) = 39,000
ఆదా అయిన ఖర్చు  = 30,000
రూపాయికి రాబడి  = 39,000 / 30,000 = 1.3
```

ఆపిన ఊళ్ళ అమ్మకం ముందుకంటే 9,000 మాత్రమే తగ్గింది. పోల్చడానికి రెండో వైపు లేకపోతే, యాడ్స్ వల్ల దాదాపు ఏమీ లేదని అనుకునేవాడిని. సీజన్ వల్ల రావలసిన 30,000 పెరుగుదల కూడా పోయిందని జతలు ఉండడం వల్లనే తెలిసింది.

ఇవే ఊళ్ళలో వారానికి 1,26,000 యాడ్స్ వల్ల వచ్చిందని డ్యాష్‌బోర్డు చెప్పేది. అందులో నిజంగా అదనంగా వచ్చినది 39,000. మూడింట ఒక వంతు కూడా కాదు. ఖర్చులన్నీ పోగా నాకు మిగిలేది అమ్మకంలో 40 శాతం, అంటే రూపాయికి 2.5 వస్తేనే గిట్టుబాటు. నేను 1.3 దగ్గర ఉన్నాను. జనవరి నుంచి మొత్తం ఆపేద్దామనుకుంటున్నాను.

గణాంక_సుధ · డిసెంబరు 16

ఆగండి. ముందు ఈ 39,000 ఎంత గట్టిదో చూడాలి. మీ దగ్గర 40 వారాల పాత లెక్క ఉంది. మొదటి 8 వారాలు నిష్పత్తికి పోతే, మిగిలినవి నాలుగేసి వారాల చొప్పున 8 ముక్కలు. ఒక్కో ముక్కలోనూ అప్పుడు యాడ్స్ ఆపామని ఊహించుకుని, అంతకుముందు 8 వారాల నిష్పత్తితో ఇదే లెక్క వేయండి. ఏమీ ఆపలేదు కనుక తేడా సున్నా రావాలి. రాదు. ఎంత వస్తుందో అదే మీ ఊళ్ళ సహజమైన ఊగిసలాట.

మన్యం_కాఫీ · డిసెంబరు 17

వేశాను. ఎనిమిదింటిలో అయిదు ముక్కల్లో తేడా 3 శాతం లోపే. అన్నింటికంటే పెద్దది 6 శాతం. అంటే 3,30,000 మీద దాదాపు 20,000.

గణాంక_సుధ · డిసెంబరు 17

మంచి జతలు కట్టారు. మీకు వచ్చిన తేడా 12 శాతం దగ్గర ఉంది కాబట్టి అది ఊగిసలాట కాదు, యాడ్స్ ప్రభావం నిజంగానే ఉంది. కానీ 39,000 అన్నది 19,000 కావచ్చు, 59,000 కావచ్చు. రూపాయికి 0.6 నుంచి 2 దాకా. ఆ పై అంచు కూడా 2.5కు చేరదు, కాబట్టి మొదటి కొనుగోలుతోనే ఖర్చు తిరిగి రాదని గట్టిగా చెప్పవచ్చు. ఎనిమిది ముక్కలతో ఇంతకంటే బిగువైన హద్దులు గీయలేము.

ఇంకొకటి. నాలుగు వారాల సగటు కాకుండా ఒక్కో వారం తగ్గుదల ఎంత?

మన్యం_కాఫీ · డిసెంబరు 17

22,000, 38,000, 47,000, 49,000.

గణాంక_సుధ · డిసెంబరు 17

చూశారా, నేను భయపడినదే. యాడ్స్ ఆపిన మొదటి వారంలో, అంతకుముందే చూసి మనసులో పెట్టుకున్నవారు ఇంకా కొంటూనే ఉన్నారు. ఆ నిల్వ తరిగేకొద్దీ తగ్గుదల పెరిగింది. చివరి రెండు వారాల సగటు 48,000, అంటే రూపాయికి 1.6. యాడ్స్ లేని అసలు స్థితికి ఇది దగ్గర. పరీక్ష 6 వారాలు నడిపి, మొదటి వారం లెక్కలోకి తీసుకోకుండా ఉంటే బాగుండేది.

ఇప్పుడు యాడ్స్ తిరిగి మొదలుపెట్టి, ఇంకో 3 వారాలు ఆపిన ఊళ్ళను గమనించండి. అక్కడ రావలసినదానికంటే ఎక్కువ వస్తే, కొందరు కొనడం మానలేదు, వాయిదా వేశారని అర్థం. ఆ ఎక్కువను తగ్గుదలలోంచి తీసేయాలి.

ప్రకటనల_రాజు · డిసెంబరు 18

కొత్త కస్టమర్ల సంగతి చూశారా?

మన్యం_కాఫీ · డిసెంబరు 18

చూశాను రాజు గారూ. నాలుగు వారాల్లో తగ్గినది మొత్తం 1,56,000. అందులో దాదాపు 1,30,000 కొత్త నంబర్లదే. పాత కస్టమర్లలో తగ్గుదల లేదనే చెప్పాలి, వారు యాడ్ ఉన్నా లేకపోయినా వచ్చేవారే. ఒక్కో ఆర్డరు సగటున 650 రూపాయలు, కనుక దాదాపు 200 మంది కొత్తవారు రాలేదు. ఆదా అయిన ఖర్చు 1,20,000. అంటే ఒక్కో కొత్త మనిషికి 600 పెడుతున్నాను, మొదటి ఆర్డరులో 260 మిగులుతోంది. అతను మొత్తం మీద సగటున 2.3 సార్లు కొంటే తప్ప నష్టమే.

ప్రకటనల_రాజు · డిసెంబరు 18

రెండు మూడు సార్లు కాఫీ పొడి కొనని ఇల్లు ఉంటుందా? నా మాట నిలిచింది. ఆపకండి.

గణాంక_సుధ · డిసెంబరు 18

మన్యం_కాఫీ గారూ, మీ కస్టమర్లందరూ సగటున ఎన్నిసార్లు కొంటారో తీసి దానితో పోల్చవద్దు. ఆ సగటులో స్నేహితులు చెప్పగా వచ్చినవారు, అరకులో రుచి చూసి వచ్చినవారు ఉన్నారు, వారు ఎక్కువసార్లు కొంటారు. యాడ్ లేకపోతే రాని ఆ 200 మంది ఎవరో విడిగా గుర్తించలేము. నడిచిన ఊళ్ళలో కొత్తవారు, ఆపిన ఊళ్ళలో కొత్తవారు ఆరు నెలల్లో ఎన్నిసార్లు కొన్నారో పక్కపక్కన పెట్టి చూస్తే కొంత తెలుస్తుంది. దానికి జూన్ దాకా ఆగాలి.

పచ్చళ్ళ_పార్వతి · డిసెంబరు 19

మా దగ్గర మాత్రం సగం ఆర్డర్లు హైదరాబాద్‌లో ఉన్న పిల్లలు ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు పంపించేవే. మీకు అలా లేవా? ఆర్డరు చేరేది శ్రీకాకుళం అయినా యాడ్ చూసింది హైదరాబాద్‌లో కదా.

మన్యం_కాఫీ · డిసెంబరు 20

పార్వతి గారూ, ఇది నాకు తట్టనేలేదు. రాత్రి కూర్చుని ఆపిన ఊళ్ళ ఆర్డర్లలో డబ్బు కట్టినవారి పేరు, సరుకు అందుకునేవారి పేరు వేరుగా ఉన్నవి తీశాను. తొమ్మిదింటిలో ఒకటి అలాంటిదే. శ్రీకాకుళంలో అయితే నాలుగింటిలో ఒకటి. ఒక ఆర్డరు కింద "నాన్నగారికి ఫోను చేసి ఇవ్వండి, ఆయనకు మెట్లు ఎక్కడం కష్టం" అని రాసి ఉంది. ఆ ఇల్లు నా లెక్కలో యాడ్స్ ఆపిన ఊరు, కొన్న మనిషికి మాత్రం యాడ్ కనబడుతూనే ఉంది.

గణాంక_సుధ · డిసెంబరు 20

పార్వతి గారికి ధన్యవాదాలు, నేను కూడా అడగవలసిన ప్రశ్న అది. ఆ ఆర్డర్లను రెండు వైపుల నుంచీ, ముందు కాలంలోంచీ తీసేసి మళ్ళీ లెక్క వేయండి. రూపాయల్లో తగ్గుదల పెద్దగా మారకూడదు, ఎందుకంటే స్థానిక యాడ్స్ ఆపడం వల్ల ఆ ఆర్డర్లు ఎలాగూ తగ్గవు. బాగా మారిపోతే జతల్లో ఏదో తప్పు ఉన్నట్టు.

మన్యం_కాఫీ · డిసెంబరు 21

39,000 కాస్తా 37,500 అయింది. కుదురుగానే ఉంది.

గాజువాక_హార్డ్‌వేర్ · డిసెంబరు 21

అంతా చదివాను. మరి ఏది ఆపాలి? సొంత పేరు మీద నడిచే సెర్చి యాడ్స్ ఆపేస్తే చాలు కదా. ఈబే కూడా అలాగే చేసిందని ఎక్కడో చదివాను.

గణాంక_సుధ · డిసెంబరు 22

చేసింది. 2012లో ఈబే అమెరికాలో తన పేరుతో వెతికేవారికి చూపే యాడ్స్‌ను కొన్ని సెర్చి ఇంజన్లలో ఆపితే, పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం మామూలు ఫలితాల ద్వారానే తిరిగి వచ్చాయి. ఆ తరువాత మిగతా పదాల మీద ఇలాగే ప్రాంతాలవారీగా ఆపి చూశారు. తరచూ కొనేవారిలో దాదాపు ప్రభావం లేదు, కొత్తవారిలో, అరుదుగా కొనేవారిలో కనబడింది. మన్యం_కాఫీ గారి పాత, కొత్త నంబర్ల తేడా అదే దారిలో ఉంది.

కానీ ఈబే పేరు అందరికీ తెలుసు. మన కాఫీ పేరు మీద పోటీదారు యాడ్ పెట్టి ఉంటే, మీరు తప్పుకున్న చోట అతను కూర్చుంటాడు. అందుకే ఊహించి ఆపవద్దు. ఇప్పటి పరీక్ష అన్ని రకాల యాడ్స్‌నూ కలిపి ఆపింది, ఏ భాగం పనిచేసిందో అది చెప్పదు. వచ్చే విడత అవే జతల్లో మీ పేరు మీది సెర్చి యాడ్స్ మాత్రమే ఆపండి, కొత్తవారి కోసం చూపే వీడియోలు నడవనివ్వండి.

మన్యం_కాఫీ · డిసెంబరు 22

అలాగే చేస్తాను. సంక్రాంతి వెళ్ళాక, జనవరి చివర్లో, ఈసారి 6 వారాలు. అమ్మాయి చేత నాణెం మళ్ళీ ఎగరేయిస్తాను, పాత వైపులే ఉంచను. కానీ నా ఖర్చులో సగం, వారానికి 70,000, హైదరాబాద్, విశాఖ, విజయవాడ–గుంటూరులోనే పోతోంది. అక్కడి సంగతి ఈ లెక్క చెప్పడం లేదు. పైగా శ్రీకాకుళం నాన్నగార్ల ఆర్డర్లు హైదరాబాద్ యాడ్స్ తెచ్చినవే అయి ఉండవచ్చు.

ప్రకటనల_రాజు · డిసెంబరు 22

హైదరాబాద్‌లో రెండు వారాలు నడిపి, రెండు వారాలు ఆపి, అలా మార్చి మార్చి చూడవచ్చు. మేము ఒకరికి చేశాము.

గణాంక_సుధ · డిసెంబరు 23

ఆపిన వారాల్లోకి పాత యాడ్స్ ప్రభావం జారుతుంది, మన్యం_కాఫీ గారి అంకెల్లోనే చూశాం కదా, 22,000 నుంచి 49,000కు చేరడానికి మూడు వారాలు పట్టింది. రెండు వారాల విడతలతో తేడా అసలుకంటే బాగా తక్కువగా కనబడుతుంది. కొన్ని ఊళ్ళను తగిన పాళ్ళలో కలిపి హైదరాబాద్‌కు నకలు తయారుచేసే పద్ధతి ఉంది, కానీ ఆ నగరం నడక ఈ 12 ఊళ్ళలో దేనితోనూ కలవకపోతే నకలు నిలవదు. మన్యం_కాఫీ గారూ, మీ 40 వారాల లెక్క పంపితే ప్రయత్నించి చూస్తాను. పాత ముక్కల మీద తేడా 10 శాతం దాటితే మాత్రం ఆ దారి వదిలేద్దాం.

మన్యం_కాఫీ · డిసెంబరు 23

పేర్లు, నంబర్లు తీసేసి ఊరు, వారం, అమ్మకం, గిఫ్టు ఆర్డరా కాదా అన్న నాలుగు నిలువు వరుసలు మాత్రం ఉంచి ఈ రాత్రికి పంపుతాను.